ఒక హత్య కేసు ఛార్జిషీటును డిఫెన్స్ వైపు నుంచి చదివినప్పుడు: గజపతి జిల్లా కేస్ స్టడీ

ఛార్జిషీటు కాపీ చేతికి రాగానే చాలామంది జూనియర్లు మొదట చదివేది చివరి పేజీ, అంటే దర్యాప్తు అధికారి కథంతా కుదించి రాసిన సారాంశం. అది చదివాక మిగిలిన కాగితాలన్నీ ఆ కథ వెలుగులోనే కనిపిస్తాయి. అందుకే నా దగ్గరకు వచ్చేవాళ్ళకు సారాంశాన్ని ఆఖరున చదవమని చెబుతాను. ఈ కేసులో అలా చదవడం వల్ల ఏం దొరికిందో, దొరికినదాన్ని ఎప్పుడు బయటపెట్టామో, ఎప్పుడు దాచుకున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కేసు ముగిసింది. ఊరు, మనుషులు, పోలీస్ స్టేషన్ గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు. పాత చట్టాల కాలంలో నమోదైన కేసు కాబట్టి సెక్షన్లు పాతవే వాడతాను. అవసరమైన చోట కొత్త నంబరు కూడా చెబుతాను.

పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళలో మాట తెలుగు, పోలీస్ స్టేషన్‌లో రాత ఒరియా. మృతుడు, నిందితుడు ఇద్దరూ తెలుగువాళ్ళే, దాయాదులు. పొలం గట్టు విషయంలో ఏళ్ళ తరబడి తగాదా ఉంది. నవంబరు నెలలో ఒక సాయంత్రం మృతుడు పొలానికి వెళ్ళి తిరిగి రాలేదు. గట్టు దగ్గర తల పగిలి శవమై కనిపించాడు. మృతుడి తమ్ముడు ప్రత్యక్ష సాక్షి. రాత్రి 7:30 ప్రాంతంలో నిందితుడు గొడ్డలితో రెండు దెబ్బలు కొట్టడం తాను చూశానన్నాడు. ఆ తమ్ముడి కొడుకు స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు. నాలుగో రోజు అరెస్టు, అదే రోజు నిందితుడు చూపించాడంటూ గొడ్డలి స్వాధీనం. సెక్షన్ 302, ఇప్పుడైతే 103. కాగితం మీద చూస్తే ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు, పాత పగ ఉంది, ఆయుధం దొరికింది. బెయిల్ కూడా రాని కేసు అనిపిస్తుంది.

నిందితుడి భార్య మొదటిసారి వచ్చినప్పుడు చెప్పింది ఒక్కటే మాట. "రెండో రోజు రాత్రే ఇంటి దగ్గిర్నుంచి తీసుకుపోనారు బాబూ, ఊరంతా చూసింది." అరెస్టు మెమోలో మాత్రం నాలుగో రోజు ఉదయం బస్టాండ్ దగ్గర పట్టుకున్నట్టు ఉంది. ఇంటివాళ్ళు చెప్పేదాన్ని నేను అప్పటికప్పుడు నమ్మను, కొట్టెయ్యను. కాగితాల్లో ఆ మాటకు చోటుందో లేదో చూస్తాను.

తేదీల పట్టిక

పొడవాటి కాగితం తీసుకుని ప్రతి డాక్యుమెంటుకూ ఒక వరస గీస్తాం. అది ఎప్పుడు రాసినట్టు చెబుతోంది, ఎవరు రాశారు, రాసినవాడి చేయి దాటి ఇంకొకరికి ఎప్పుడు చేరింది, రాసే సమయానికి రాసినవాడికి ఏం తెలిసి ఉండాలి. అసలు పని ఈ చివరి గడిదే. కాగితం మీద తేదీ ఎవరైనా వేసుకోవచ్చు. ఆ కాగితాన్ని అందుకున్నవాడు వేసిన స్టాంపు రాసినవాడి చేతిలో ఉండదు. అందుకని స్టేషన్ గడప దాటి బయటకు వెళ్ళిన కాగితాలకే నేను ఎక్కువ విలువిస్తాను. కోర్టుకు వెళ్ళిన ఎఫ్ఐఆర్, ఆసుపత్రికి వెళ్ళిన శవ చలాను, శవంతో వెళ్ళిన కానిస్టేబుల్‌కు ఇచ్చే కమాండ్ సర్టిఫికెట్, ల్యాబ్‌కు వెళ్ళిన ఫార్వర్డింగ్ లెటర్ అలాంటివి.

ఈ కేసులో ఎఫ్ఐఆర్ మొదటి రోజు రాత్రి 10:40కి నమోదైనట్టు ఉంది. అందులో నిందితుడి పేరు ఉంది, హత్య సెక్షన్ ఉంది, చూసింది మా నాన్న అన్న మాట ఉంది. మరుసటి రోజు ఉదయం 8 గంటలకు శవ పంచనామా. దాని పైన రాసిన నంబరు ఎఫ్ఐఆర్‌ది కాదు, యూడీ కేసుది, అంటే అసహజ మరణం కింద వేసే నంబరు. ఆసుపత్రికి పంపిన శవ చలాను మీదా అదే యూడీ నంబరు. ఉదయం 10:15కి కానిస్టేబుల్‌కు ఇచ్చిన కమాండ్ సర్టిఫికెట్ మీదా అదే. పోస్టుమార్టం చేసిన డాక్టరు తన రిపోర్టు తల భాగంలో ఆ నంబరే ఎక్కించాడు. మూడు కాగితాలు ముగ్గురి చేతుల్లోకి వెళ్ళాయి, ఒక్కదానిలోనూ హత్య కేసు నంబరు లేదు. ఎఫ్ఐఆర్ కాపీ మీద ఎస్‌డీజేఎం కోర్టు స్టాంపు చూస్తే నాలుగో రోజు తేదీ. స్టేషన్‌కూ కోర్టుకూ మధ్య దూరం బస్సులో గంటన్నర కూడా కాదు.

రాత్రి 10:40కే పేరుతో సహా హత్య కేసు నమోదై ఉంటే, పొద్దున్న యూడీ నంబరుతో పంచనామా చేయాల్సిన పనేముంది? పంచనామా కాగితంలో అభిప్రాయం రాసే చోట, "గుర్తు తెలియని వ్యక్తులు తల మీద కొట్టి ఉండొచ్చు" అని ఉంది. కింద సాక్షుల సంతకాల్లో రెండోది ప్రత్యక్ష సాక్షిది. రాత్రి తన కళ్ళతో చూసిన మనిషి, తెల్లారి గుర్తు తెలియని వ్యక్తులు అన్న కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇది దొరకగానే జూనియర్లు కేసు గెలిచేశామన్నంత సంబరపడ్డారు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. పంచనామాలో నిందితుడి పేరు లేకపోవడం పెద్ద లోపమేమీ కాదు. మరణానికి కారణమేమిటో తేల్చడం వరకే దాని పరిధి అని 1975లోనే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాసిక్యూటర్ ఆ తీర్పే తీస్తాడు. కాబట్టి పేరు లేదు అన్న వాదన పనికిరాదు. పేరు రాయకపోవడం వేరు, ఎవరో తెలియదు అని రాయడం వేరు. ఆ రెండోదానితో యూడీ నంబరునూ, కోర్టు స్టాంపునూ కలిపి చూపించాలి. విడివిడిగా చూస్తే మూడూ చిన్న లోపాలే. కలిపితే ఎఫ్ఐఆర్ నిజంగా ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న లేస్తుంది. మెహరాజ్ సింగ్ కేసులో 1994లో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్ అసలు సమయాన్ని పరీక్షించడానికి చూడమన్నవి కూడా ఇవే, అంటే మేజిస్ట్రేటుకు చేరిన తేదీ, శవ పంచనామాతో వెళ్ళిన కాగితాల్లో ఎఫ్ఐఆర్ జాడ.

సాక్షి మూడు మాటలు

ప్రత్యక్ష సాక్షి కథ మూడు చోట్ల ఉంది. కొడుకు ఇచ్చిన ఎఫ్ఐఆర్‌లో పరోక్షంగా, రెండో రోజు పోలీసులకు చెప్పిన 161 వాంగ్మూలంలో, మూడు వారాల తర్వాత మేజిస్ట్రేటు ముందు చెప్పిన 164 వాంగ్మూలంలో. ఇప్పుడైతే ఆ సెక్షన్లు 180, 183. నవంబరులో రాత్రి 7:30 అంటే పొలంలో చీకటి. ఎలా చూశాడన్నది కీలకం. ఎఫ్ఐఆర్‌లో వెలుతురు ప్రస్తావనే లేదు. 161లో తన చేతిలో టార్చిలైటు ఉందన్నాడు. 164కి వచ్చేసరికి టార్చి పోయి, పంపు షెడ్డు బల్బు వెలుగుతోందన్నాడు. టార్చిని పోలీసులు స్వాధీనం చేసుకోలేదు. స్పాట్ మ్యాప్‌లో షెడ్డు గీశారు కానీ బల్బు గుర్తించలేదు, షెడ్డుకూ శవానికీ మధ్య దూరం వేయలేదు.

దెబ్బల సంగతి ఇంకా ముఖ్యం. మూడు చోట్లా గొడ్డలి పదును వైపుతో రెండు దెబ్బలు అన్నాడు. పోస్టుమార్టం రిపోర్టులో తల వెనుక ఒకటే గాయం, అదీ అంచులు చిరిగిన గాయం, కింద ఎముక నలిగి విరిగింది. మోకాలి మీద, మోచేయి మీద గీరుకున్న గుర్తులు. పదునైన ఆయుధం చేసే గాయానికి అంచులు సాఫీగా కోసినట్టుంటాయి. మొద్దు వస్తువు తగిలితే చర్మం నలిగి చిరుగుతుంది. అయితే నెత్తి చర్మం ఎముక మీద బిగిసి ఉంటుంది కాబట్టి అక్కడ మొద్దు దెబ్బ కూడా కోసినట్టు కనిపించవచ్చు. తిరగేసి చూస్తే, అంచులు చిరిగి ఉంటే మాత్రం అది పదును దెబ్బ అని చెప్పడం డాక్టరుకు కష్టం. అందుకే మా పట్టికలో ఈ వరస పక్కన ఎర్ర గీత గీశాం. గొడ్డలి వెనుక భాగంతో కొడితే ఇలాంటి గాయం అవుతుందని ప్రాసిక్యూషన్ తర్వాత అంటుందని కూడా అక్కడే రాసుకున్నాం. సాక్షి పదును వైపు అన్న మాటకు కట్టుబడేలా క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందే తలుపులు మూసేయాలి, డాక్టరు సంగతి ఆ తర్వాతే.

సరిహద్దులో ప్రాక్టీసు చేసేవాళ్ళు తప్పక ఆలోచించాల్సిన చిక్కు ఒకటి ఉంది. సాక్షి తెలుగులో చెప్పాడు, వాంగ్మూలం ఒరియాలో ఉంది. క్రాస్‌లో ఆ వాక్యం చూపించి, పోలీసులకు ఇలా చెప్పావా అని అడిగితే, "నేను తెలుగులో చెప్పాను, వాళ్ళేం రాసుకున్నారో నాకు తెలీదు" అంటాడు. అంతే, ఎంత పెద్ద వైరుధ్యమైనా అక్కడితో గాలికి పోతుంది. మరోవైపు నిందితుడి వాంగ్మూలం గురించి మనమే, ఒరియాలో రాసింది అతనికి అర్థం కాలేదని వాదిస్తాం. జడ్జి రెండూ గమనిస్తాడు. అందుకని వైరుధ్యం చూపించే ముందే సాక్షిని మామూలుగా అడిగేయాలి. అధికారి మీతో తెలుగులోనే మాట్లాడారా? మీరు చెప్పింది ఆయనకు అర్థమైందా? ఈ ప్రాంతంలో పనిచేసే అధికారుల్లో చాలామందికి తెలుగు వచ్చు. సాక్షి అవునన్నాడు. తర్వాత టార్చి వాక్యం, బల్బు వాక్యం చూపించినప్పుడు అతనికి తప్పించుకునే దారి మిగల్లేదు.

వైరుధ్యాన్ని రుజువు చేయడం రెండంచెల పని. సాక్షి దృష్టికి ఆ భాగాన్ని యథాతథంగా తీసుకెళ్ళాలి. అతను కాదంటే, దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, సాక్షి మీకు ఇలా చెప్పాడా అని అడిగి రుజువు చేయించాలి. రెండో అంచె మరిచిపోతే మొదటిది వృథా. చెప్పకుండా వదిలేసిన సంగతి కూడా, ముఖ్యమైనదైతే, వైరుధ్యమే అవుతుంది. 162 సెక్షన్ వివరణ అదే చెబుతుంది, ఇప్పుడది 181. పంచనామా మీద ప్రత్యక్ష సాక్షి సంతకాన్ని కూడా ఇదే పద్ధతిలో వాడాలి. అది పోలీసుల ముందు చేసిన ప్రకటన కాబట్టి అతన్ని ఖండించడానికే పనికొస్తుంది తప్ప స్వతంత్ర సాక్ష్యం కాదు.

జాబితాలో లేనివాళ్ళు

ఛార్జిషీటులో సాక్షుల జాబితా తీసుకుని, మిగతా కాగితాలన్నిటిలో కనిపించే ప్రతి పేరునూ దాంతో సరిచూడటం జూనియర్‌కు అప్పగించే పని. విసుగు పుట్టిస్తుంది, కానీ ఫలితం ఉంటుంది. ఈ కేసులో ముగ్గురు మనుషులు కాగితాల్లో ఉన్నారు, జాబితాలో లేరు.

మొదటివాళ్ళు పక్క పొలం అన్నదమ్ములు. కేక విని పరిగెత్తుకొచ్చారని ఎఫ్ఐఆరే చెబుతోంది. మృతుడి బంధువులు కారు, నిందితుడి బంధువులూ కారు. ప్రత్యక్ష సాక్షి అక్కడ ఉన్నాడో లేడో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే. వాళ్ళ 161 వాంగ్మూలాలు లేవు, పేర్లు జాబితాలో లేవు. డిఫెన్స్ తరఫున మనమే పిలిస్తే పోలేదా అని నిందితుడి బావమరిది గట్టిగా పట్టుబట్టాడు. ఒప్పుకోలేదు. వాళ్ళేం చెబుతారో మనకు తెలియదు. సాక్షుల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడటం నిందితుడి వాళ్ళకు బెయిల్ పోగొట్టే పని. పైగా రుజువు భారం ప్రాసిక్యూషన్‌ది. క్రాస్‌లో దర్యాప్తు అధికారి, వాళ్ళు పనులకు వలస వెళ్ళారని, అందుకే విచారించలేదని చెప్పాడు. వాళ్ళకు 160 సెక్షన్ కింద నోటీసు ఇచ్చారా? లేదు. ఏ తేదీన వెతికారు? గుర్తు లేదు. అంతకంటే ఎక్కువ అడగలేదు. కావాల్సిన సాక్ష్యాన్ని దాచినవాడికి వ్యతిరేకంగా ఊహించుకోవచ్చని సాక్ష్య చట్టం 114 సెక్షన్ ఉదాహరణ చెబుతుంది, కొత్త చట్టంలో 119. కానీ ప్రతి విడిచిపెట్టిన సాక్షికీ కోర్టు అది వర్తింపజేయదు. కేసు ఎవరి మాట మీద నిలబడిందో ఆ మాటను పరీక్షించగల తటస్థ సాక్షి కనిపించకపోతేనే దానికి బరువు.

మూడో వ్యక్తి సైంటిఫిక్ ఆఫీసర్. రెండో రోజు సీజర్ లిస్టులో, రక్తం అంటిన మట్టిని సైంటిఫిక్ ఆఫీసర్ సమక్షంలో తీసినట్టు ఒక్క వాక్యం ఉంది. ఆయన స్పాట్ విజిట్ రిపోర్టు జత చేయలేదు, సాక్షుల్లో ఆయన లేడు. దర్యాప్తులో సేకరించి, ప్రాసిక్యూషన్ ఆధారపడని కాగితాల జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు సుమోటో కేసులో మార్గదర్శకాలిచ్చింది. ఆ జాబితా అడిగాం. అలాంటివేవీ లేవని జవాబొచ్చింది. ఆ జవాబును కూడా ఫైల్లో భద్రంగా పెట్టుకున్నాం. ఛార్జి దశలో ఆ రిపోర్టు తెప్పించమని పట్టుబట్టలేదు. ఆ దశలో నిందితుడు తన వైపు సామగ్రిని ముందుకు తేవడానికి వీల్లేదని 2004లో దేవేంద్రనాథ్ పాఢీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, అదీ ఒడిశా కేసే. విచారణ మొదలై సీజర్ సాక్షి బోనెక్కాక 91 సెక్షన్ కింద, ఇప్పుడు 94, దరఖాస్తు వేశాం. కోర్టు ఆదేశించింది, రిపోర్టు వచ్చింది. రెండో రోజు సైంటిఫిక్ టీం గట్టుతోపాటు పంపు షెడ్డు లోపలా వెతికిందని, రెండు చోట్ల మట్టి నమూనాలు తీసిందని, ఆయుధమేదీ కనబడలేదని అందులో ఉంది. నాలుగో రోజు నిందితుడు చూపించాడన్న గొడ్డలి దొరికింది అదే షెడ్డులో, గడ్డి కింద.

గొడ్డలి ప్రయాణం

నిందితుడి వాంగ్మూలం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి దారి తీసిన మాట వరకే సాక్ష్యమవుతుంది. సాక్ష్య చట్టం 27వ సెక్షన్ గురించి 1946లో ప్రీవీ కౌన్సిల్ పులుకూరి కోటయ్య కేసులో చెప్పిన ఈ మాట ఇప్పటికీ దారి చూపిస్తోంది. ఆ వాంగ్మూలం మనవాడు ఏ మాటల్లో చెప్పాడో తెలియాలి. ఇక్కడ మెమో ఒరియాలో ఉంది. కింద తెలుగులో వంకరటింకర సంతకం. "తెలుగులో చదివి వినిపించగా ఒప్పుకున్నాడు" అని ఒక వాక్యం. వినిపించిందెవరో లేదు. ఇద్దరు పంచ్ సాక్షులూ వేరే ఊరివాళ్ళు, ఇద్దరూ ఒరియావాళ్ళు. తెలుగు రాదని బోనులో ఒప్పుకున్నారు. అంటే నిందితుడు ఏం చెప్పాడో తమ చెవులతో విని అర్థం చేసుకున్న సాక్షి ఒక్కడు లేడు. మూడు సీజర్ లిస్టుల మీదా ఆ ఇద్దరి సంతకాలే ఉన్నాయని కూడా వాదించాం. ఆ పాయింటుకు జడ్జి పెద్దగా విలువివ్వలేదు. మారుమూల ప్రాంతాల్లో సాక్షులు దొరకడం కష్టమని తీర్పులో రాశారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

ఇక ఫోరెన్సిక్. గొడ్డలి నాలుగో రోజు స్వాధీనమైంది. ల్యాబ్‌కు పంపమని కోర్టుకు ఇచ్చిన ఫార్వర్డింగ్ లెటర్ 51వ రోజుది. ఛార్జిషీటు రిమాండు మొదలైన 87వ రోజున వేశారు, రిపోర్టు రావాల్సి ఉందని ఒక వాక్యంతో. 90 రోజుల గడువు దాటితే డిఫాల్ట్ బెయిల్ హక్కు పుడుతుంది కాబట్టి ఇలా హడావుడిగా వేయడం మామూలే. రిపోర్టు లేని ఛార్జిషీటు అసంపూర్ణం కాబట్టి డిఫాల్ట్ బెయిల్ ఇవ్వాలని వాదించమని చాలామంది సలహా ఇచ్చారు. వేయలేదు. నేరం జరిగినట్టు చూపించే సామగ్రి ఉంటే, మరింత దర్యాప్తు మిగిలి ఉన్నా ఛార్జిషీటు చెల్లుతుందన్నదే 2007లో దినేశ్ దాల్మియా కేసు నుంచి వస్తున్న దారి. ప్రత్యక్ష సాక్షి ఉన్న హత్య కేసులో ఆ వాదన నిలబడదు. ఓడిపోయే దరఖాస్తు వేస్తే, తర్వాత మామూలు బెయిల్ అడిగేటప్పుడు అదే మచ్చగా మిగులుతుంది.

ల్యాబ్‌లో ఎంతకాలం ఉందన్నది కూడా నేను పెద్దగా పట్టించుకోలేదు. ల్యాబ్‌లో పెండింగ్ ఉండటం అందరికీ తెలిసిందే, అది పోలీసుల చేతిలో లేదు. నన్ను ఆపింది మొదటి 47 రోజులు. అప్పుడు గొడ్డలి ఎక్కడుంది? మాల్ఖానా రిజిస్టర్ తెప్పించి చూస్తే 30వ రోజున బయటకు తీసినట్టు నమోదైంది. ఆ రోజు డాక్టరు దగ్గరకు పంపి, ఈ ఆయుధంతో ఆ గాయం కావచ్చా అని అడిగారు. కావచ్చు అని ఆయన రాశాడు. డాక్టరు సాక్ష్యంలో, కట్టు విప్పి చూశానని, చూశాక ఆసుపత్రి సీలుతో మళ్ళీ మూసి ఇచ్చానని చెప్పాడు. ల్యాబ్ రిపోర్టు మొదటి పేజీలో అందిన పార్సిళ్ళ వివరం ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి ఫలితాల పేజీకి వెళ్ళిపోతారు. అక్కడ గొడ్డలి పార్సిలు మీద ఉన్నది పోలీస్ స్టేషన్ సీలని, చెక్కుచెదరలేదని, నమూనా సీలుతో సరిపోయిందని ఉంది. ఆసుపత్రి సీలు ఊసే లేదు. డాక్టరు వేసిన సీలు ఉన్న పార్సిలును తర్వాత ఎవరో విప్పి, స్టేషన్ సీలు మళ్ళీ వేశారు. ఎప్పుడు, ఎవరి ముందు అన్నదానికి కాగితం లేదు. ఇత్తడి సీలు దర్యాప్తు అధికారి దగ్గరే ఉంది, వేరే ఎవరికైనా అప్పగించిన జిమానామా ఫైల్లో లేదు.

ఛార్జిషీటు వేసిన ఏడు నెలలకు వచ్చిన రిపోర్టు ఇలా చెప్పింది. గొడ్డలి మీద మనిషి రక్తం ఉంది, గ్రూపు తేల్చడం సాధ్యపడలేదు. నిందితుడి లుంగీ, చొక్కా మీద రక్తం లేదు. మృతుడి బట్టల మీద మనిషి రక్తం, గ్రూపు బి. ప్రాసిక్యూటర్ మొదటి వాక్యం పట్టుకున్నాడు. గ్రూపు తేలని మనిషి రక్తం మృతుడిదే అనడానికి ఏ ఆధారమూ లేదు. 293 సెక్షన్ కింద, ఇప్పుడు 329, ల్యాబ్ రిపోర్టు నిపుణుణ్ణి పిలవకుండానే సాక్ష్యంలోకి వస్తుంది. కావాలంటే మనం పిలిపించుకోవచ్చు. పిలిపించలేదు. నిపుణుడు వస్తే, ఆలస్యం వల్ల రక్తం పాడై గ్రూపు తేలకపోయి ఉండవచ్చని చెప్పే అవకాశం ప్రాసిక్యూషన్‌కు మనమే ఇచ్చినట్టవుతుంది. పార్సిలు వివరం కాగితంలోనే ఉంది, అది చాలు.

ఏది ఎప్పుడు

ఛార్జిషీటు విశ్లేషణ అంటే వైరుధ్యాలు వెతికి పట్టుకోవడమని అనుకుంటారు. నా ఉద్దేశంలో అది సగమే. పట్టుకున్నదాన్ని ఏ దశలో బయటపెట్టాలన్నది మిగతా సగం, కేసు ఎక్కువగా చెడేది అక్కడే. బెయిల్ పిటిషన్‌లో యూడీ నంబరు గురించి నాలుగు పేరాలు రాస్తే ఏమవుతుంది? ఆ పిటిషన్ కాపీ ప్రాసిక్యూటర్ ద్వారా దర్యాప్తు అధికారికి చేరుతుంది. మరింత దర్యాప్తు పేరుతో అదనపు ఛార్జిషీటు రావచ్చు, యూడీ నంబరు ఎందుకు వేశారో వివరించే సాక్షి పుట్టుకురావచ్చు, బల్బు వెలుగుతోందని చెప్పేందుకు కరెంటు మనిషి రావచ్చు.

అందుకని డిశ్చార్జి పిటిషన్ వేయలేదు. ఛార్జి దశలో తీవ్రమైన అనుమానానికి ఆధారముందా లేదా అన్నంత వరకే కోర్టు చూస్తుంది. 1978 నాటి ప్రఫుల్ల కుమార్ సామల్ కేసు నుంచి ఆ గీటురాయే నడుస్తోంది. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం ఉండగా ఆ పిటిషన్ గెలవదు, మన చేతిలో ముక్కలన్నీ మాత్రం చూపించేస్తుంది. బెయిల్‌కు దాచడానికి వీల్లేనివే వాడాం. గాయం తీరు పోస్టుమార్టం రిపోర్టులోనే ఉంది, ల్యాబ్ రిపోర్టు రాలేదన్నది ఛార్జిషీటే చెబుతోంది, పైగా కస్టడీ కాలం పెరుగుతోంది. సెషన్స్ కోర్టు తిరస్కరించింది, తర్వాత హైకోర్టు ఇచ్చింది. సీలు సంగతి, పంచనామా సంతకం, టార్చి, బల్బు, అనువాదకుడు లేకపోవడం అన్నీ క్రాస్ కోసం ఉంచాం. ఇంటివాళ్ళకు ఇది అర్థమయ్యేలా చెప్పడం కష్టమైన పని. మంచి పాయింటు చేతిలో ఉండి ఎందుకు వాడరని వాళ్ళ టెన్షన్ వాళ్ళది, భర్త జైల్లో ఉన్న మనిషిది ఆ బాధ న్యాయమే. ఆమెకు రెండుసార్లు కూర్చోబెట్టి పట్టిక చూపించాను.

భార్య చెప్పిన రెండో రోజు రాత్రి సంగతి చివరిదాకా రుజువు కాలేదు. ఊరంతా చూసినా బోనెక్కడానికి ఎవరూ రాలేదు. సైంటిఫిక్ ఆఫీసర్ రిపోర్టు వచ్చాక మాకు ఆ అవసరం కూడా తగ్గింది. దాన్ని పట్టుకుని సాగదీస్తే బలమైన పాయింట్లు పలచబడతాయని వదిలేశాం.

నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేశారు. ఎఫ్ఐఆర్ వెనక తేదీతో పుట్టిందన్న మా వాదనను జడ్జి పూర్తిగా ఒప్పుకోలేదు. కోర్టుకు ఆలస్యంగా చేరడం ఒక్కటే కేసును కూల్చదన్నారు. కానీ ప్రత్యక్ష సాక్షి పంచనామా మీద సంతకం పెట్టి, గుర్తు తెలియని వ్యక్తులన్న మాటకు అడ్డు చెప్పకపోవడాన్ని, వెలుతురు గురించి మాట మార్చడాన్ని, పదును దెబ్బలకూ గాయానికీ పొంతన కుదరకపోవడాన్ని కలిపి, అతన్ని ఒంటరిగా నమ్మలేమన్నారు. రికవరీని అసలు నమ్మలేదు. రక్తం గ్రూపు తేలలేదు, సీలు సంగతికి వివరణ లేదు, కాబట్టి ల్యాబ్ రిపోర్టుకు బరువు లేదన్నారు.

ఇదే కేసు 2024 జూలై 1 తర్వాత నమోదై ఉంటే మా పట్టికలో ఇంకో వరస ఉండేది. సోదా, స్వాధీనం జరిగే తీరును ఆడియో వీడియో తీయాలని కొత్త చట్టం 105 సెక్షన్ చెబుతోంది. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వెళ్ళాలన్న 176(3) నిబంధన ఉంది, దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ వరకు వెసులుబాటిచ్చారు. పోలీసులు వీడియోలను ఈ-సాక్ష్య యాప్‌లో ఎక్కిస్తున్నారు. కాబట్టి ఇప్పుడు కాపీలు అడిగే దరఖాస్తులో మొదటిరోజే మూడు రాస్తున్నాం. రికవరీ వీడియో మొత్తం, కత్తిరింపు లేకుండా. దాని హాష్ విలువతో కూడిన, కొత్త సాక్ష్య చట్టం 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్. వీడియో ఎక్కించిన సమయం. సీజర్ లిస్టులో ఉదయం 11 గంటలని రాసి, వీడియోలో నీడలు సాయంత్రానివైతే, ఆ తేడా క్రాస్‌లో కాగితం కంటే గట్టిగా పనిచేస్తుంది. నిందితుడు తెలుగులో ఏమన్నాడో, ఎవరు ఒరియాలో రాయించారో కూడా అందులోనే వినబడుతుంది. వీడియో లేదని జవాబొస్తే ఆ జవాబును లిఖితపూర్వకంగానే తీసుకోండి.